ఉంగరం వెడల్పైతే సైజు ఎందుకు పెరగాలి?

ఒకే వేలికి రెండు ఉంగరాలు. మొదటిది 2 మిల్లీమీటర్ల వెడల్పున్న సన్నటి ఉంగరం, సైజు 12. వేలికి హాయిగా సరిపోతుంది. రెండోది 8 మిల్లీమీటర్ల వెడల్పున్న పట్టీ ఉంగరం, దాని సైజూ 12. కొలిచి చూస్తే రెండింటి లోపలి వ్యాసం ఒకటే, 16.5 మిల్లీమీటర్లు. అయినా వెడల్పు ఉంగరం కణుపు దగ్గర ఇరుక్కుంటుంది. బలవంతంగా దించితే వేలి మొదట్లో పట్టేసి, పిడికిలి బిగిస్తే అంచు లోపలికి నొక్కుకుంటుంది. కొన్నవాళ్లు కంసాలి సైజు తప్పు చేశాడనుకుంటారు, ఆయన సైజు కడ్డీ మీద పెట్టి పన్నెండేనని చూపిస్తాడు. ఇద్దరి మాటా నిజమే. సైజు నంబరు ఉంగరం రంధ్రం ఎంతో మాత్రమే చెబుతుంది. ఆ రంధ్రం వేలి మీద ఎంత పొడవున పరుచుకుంటుందో చెప్పదు.

మన దేశంలో వాడే నంబర్లలో ఒక్కో సైజు పెరిగినప్పుడు ఉంగరం లోపలి చుట్టుకొలత సుమారు 1 మిల్లీమీటరు పెరుగుతుంది. వ్యాసంలో అది మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త తక్కువ. 12వ సైజు చుట్టుకొలత దాదాపు 52 మిల్లీమీటర్లు, 14వ సైజుది 54. అమెరికా నంబర్ల మధ్య ఎడం ఇంతకంటే పెద్దది. అక్కడ ఒక పూర్తి సైజుకు చుట్టుకొలత రెండున్నర మిల్లీమీటర్లు మారుతుంది. మన 12 అక్కడి 6కు దగ్గరగా ఉంటుంది, మన 14 అక్కడి 7కు కొంచెం తక్కువ. అందువల్ల వెడల్పు ఉంగరానికి అర సైజు పెంచాలన్న అమెరికా సలహాను ఇక్కడి నంబర్లలోకి మార్చుకోకుండా వాడితే పొరపాటు జరుగుతుంది. వాళ్ల అర సైజు మన ఒక సైజు కంటే కాస్త ఎక్కువే.

అసలు కారణం వేలి ఆకారంలో ఉంది. ఉంగరం కూర్చునేది వేలి మొదటికీ మధ్య కణుపుకూ నడుమ. చేతి వెనక వైపు చూస్తే ఈ భాగం పొడవుగా, ఉంగరానికి ఎంతో చోటున్నట్టు కనిపిస్తుంది. అరచేతి వైపు తిప్పితే సంగతి తెలుస్తుంది. వేళ్ల సందుల్లోని చర్మం ఎముకలో సగం దాకా పైకి వచ్చి ఉంటుంది. వేలి మొదటి గీతకూ కణుపు గీతకూ మధ్య ఉంగరానికి మిగిలే స్థలం పెద్దవాళ్ల చేతుల్లో కూడా చాలావరకు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించదు. ఆ కాస్త దూరంలోనూ వేలు ఒకే లావున ఉండదు. కణుపు దగ్గర ఎముక వెడల్పుగా ఉంటుంది, దాని కింద వేలు కొంచెం సన్నబడుతుంది, అక్కడి నుంచి మొదటికి దిగేకొద్దీ కండ పెరిగి మళ్లీ లావవుతుంది. బొద్దుగా ఉన్న చేతుల్లో ఈ కింది లావు మరీ స్పష్టంగా కనిపిస్తుంది.

సన్నటి ఉంగరం వేలికి వేసిన కాసేపటికి తనంతట తానే ఆ సన్నటి చోటు వెతుక్కుని కూర్చుంటుంది. దానికి కావలసింది 2 మిల్లీమీటర్ల స్థలమే కాబట్టి పైనున్న లావుతోనూ కిందనున్న లావుతోనూ దానికి పని లేదు. 8 మిల్లీమీటర్ల ఉంగరానికి ఆ వీలు లేదు. దాని నడిమి భాగం సన్నటి చోట ఉన్నా కింది అంచు వేలి మొదట్లోని కండ మీదికి వెళుతుంది, పై అంచు కణుపు వైపు జరుగుతుంది. ఉంగరం లోపలి గోడ నిటారుగా ఉండే లోహం, ఎక్కడా వంగదు. కాబట్టి అది కప్పే ఆ 8 మిల్లీమీటర్లలో వేలు ఎక్కడ అన్నిటికంటే లావుగా ఉందో ఆ చోటే సైజును నిర్ణయిస్తుంది. సన్న ఉంగరం సైజును తేల్చేది సన్నటి చోటైతే, వెడల్పు ఉంగరం సైజును తేల్చేది లావుపాటి చోటు. ఈ అంశంలో మిగతా విషయాలన్నీ చాలావరకు ఇక్కడి నుంచి వచ్చేవే.

దీనికి కండ స్వభావం తోడవుతుంది. వేలి చర్మం కింద ఉండే కొవ్వూ మెత్తటి కణజాలమూ నొక్కితే చిన్నబడవు, పక్కకు జరుగుతాయి. సన్న ఉంగరం కింద నలిగిన కండ ఒక్క మిల్లీమీటరు జరిగితే చాలు, ఉంగరం అవతలికి చేరి అక్కడ కొద్దిగా ఉబ్బి ఊరుకుంటుంది. అందుకే కాస్త బిగుతైన సన్న ఉంగరాన్ని ఏళ్ల తరబడి పెట్టుకున్నా చాలామందికి ఇబ్బంది అనిపించదు. వెడల్పు పట్టీ కింద నడుమ ఉన్న కండ బయటపడాలంటే నాలుగు మిల్లీమీటర్లు ప్రయాణించాలి. దారి లేక అది అక్కడే ఒత్తుకుని ఉంటుంది. ఆ ఒత్తిడినే వేలు బిగుతుగా గుర్తిస్తుంది.

చేయి చాచి ఉంచినప్పుడు కుదిరినట్టు అనిపించిన ఉంగరం పిడికిలి పట్టగానే ఎందుకు నొక్కుతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది. వేలు వంగినప్పుడు అరచేతి వైపు చర్మం మడతపడుతుంది. రెండు గీతల మధ్య ఉన్న కండ దగ్గరకు నెట్టుకుని పైకి ఉబుకుతుంది. సన్న ఉంగరం ఆ ఉబుకు పక్కన ఎక్కడో సర్దుకుంటుంది. 10 మిల్లీమీటర్ల ఉంగరమైతే అక్కడున్న రెండు సెంటీమీటర్లలో సగం తానే ఆక్రమిస్తుంది. మిగిలిన సగంలోకి కండ అంతా నెట్టుకొస్తుంది. స్కూటర్ హ్యాండిల్ పట్టుకున్నా, నీళ్ల బకెట్ ఎత్తినా మొదట బాధించేది ఉంగరం కింది అంచే.

ఇప్పటివరకూ చెప్పింది ఉంగరం కూర్చున్న తర్వాతి సంగతి. కణుపు దాటడం వేరే సమస్య, దీన్ని విడిగా చూడాలి. మధ్య కణుపు గుండ్రంగా ఉండదు, పక్కలకు వెడల్పుగా ఉంటుంది. సన్న ఉంగరం దించేటప్పుడు ఎవరూ నేర్పకుండానే చేసే పని ఒకటుంది. ఉంగరాన్ని కొద్దిగా ఒక పక్కకు వాల్చి, ముందు ఒక వైపు, తర్వాత రెండో వైపు దాటిస్తారు. తీసేటప్పుడూ అంతే. వెడల్పు ఉంగరాన్ని ఇలా వాల్చలేరు, ఎందుకంటే అది కొంచెం వాలగానే దాని పొడవాటి గోడే దారికి అడ్డం వస్తుంది.

ఎంత అడ్డం వస్తుందో లెక్క కట్టవచ్చు. లోపలి వ్యాసం 16.5 మిల్లీమీటర్లున్న ఉంగరాన్ని 10 డిగ్రీలు వాల్చితే, 2 మిల్లీమీటర్ల వెడల్పున్నదానిలో వాలిన వైపు సూటిగా కనిపించే దారి 15.9 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే వాలులో 8 మిల్లీమీటర్ల ఉంగరంలో మిగిలేది 14.9 మిల్లీమీటర్లే. తేడా ఒక మిల్లీమీటరు. వ్యాసంలో ఒక మిల్లీమీటరంటే మన కొలతలో మూడు సైజులు. వేలు గట్టి కడ్డీ కాదు, చర్మం సాగుతుంది, జరుగుతుంది, కాబట్టి నిజంగా మూడు సైజులు పెంచనక్కర్లేదు. కానీ ఒకే నంబరున్న రెండు ఉంగరాల్లో ఒకటి జారి, మరొకటి ఇరుక్కోవడానికి లెక్క ఎక్కడుందో ఇది చూపిస్తుంది.

రాపిడి కూడా ఉంది. చర్మం మీద ఒత్తిడి సమానంగా ఉన్నా, నాలుగు రెట్లు వెడల్పున్న ఉంగరం నాలుగు రెట్లు చర్మాన్ని తాకుతుంది, లాగడానికి ఆమేరకు ఎక్కువ బలం కావాలి. లాగేకొద్దీ కణుపు కింద చర్మం ముడతలు పడి గుట్టగా పోగవుతుంది, ఆ ముడతలే ఉంగరాన్ని ఆపేస్తాయి. వెడల్పు ఉంగరాలు వేలికి ఎక్కేటప్పటి కంటే దిగేటప్పుడు ఎక్కువ ఏడిపించడానికి కారణం ఇదే.

ఒక వేలిని లెక్కకు తీసుకుంటే విషయం తేటపడుతుంది. ఉంగరపు వేలిలో సన్నటి చోట చుట్టుకొలత 50.5 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. అక్కడి నుంచి నాలుగు మిల్లీమీటర్లు కిందికి, వేళ్ల సందు వైపు దిగితే 52. నాలుగు మిల్లీమీటర్లు పైకి వెళితే 51. కణుపు మీద 53, అయితే అక్కడి చర్మం జరిగే రకం. ఈ వేలికి 2 మిల్లీమీటర్ల ఉంగరం 12వ సైజులో, అంటే 52 మిల్లీమీటర్ల చుట్టుకొలతతో, చక్కగా సరిపోతుంది. కణుపు దగ్గర కాస్త వాల్చి తిప్పితే దాటుతుంది, దాటాక సన్నటి చోట ఒకటిన్నర మిల్లీమీటర్ల వెసులుబాటుతో కూర్చుంటుంది.

అదే నంబరులో 8 మిల్లీమీటర్ల పట్టీ వేస్తే మొదట కణుపు దగ్గరే ఆగుతుంది, వాల్చడానికి లేదు. సబ్బు రాసి దించినా, నడుమ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నా, కింది అంచు దగ్గర వేలు 52, ఉంగరం 52. వెసులుబాటు సున్నా. పిడికిలి పట్టినా, సాయంత్రానికి వేలు కొంచెం ఉబ్బినా ఆ అంచు కండలోకి దిగుతుంది. 13 వేస్తే కింది అంచు దగ్గర ఒక మిల్లీమీటరు వస్తుంది, అది సరిపోవచ్చు, చాలకపోవచ్చు. 14 వేస్తే రెండు మిల్లీమీటర్లు వస్తుంది, కణుపు కూడా బాధ లేకుండా దాటుతుంది. అప్పుడు నడుమ మూడున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది కదా, ఉంగరం ఊగదా అన్న అనుమానం వస్తుంది. ఊగదు. దాన్ని పట్టి ఉంచేది రెండు అంచుల దగ్గరి కండ. నడుమ ఖాళీ ఉండడం నిజానికి మేలే, చర్మానికి గాలి తగులుతుంది. సన్న ఉంగరానికి 14వ సైజు వేస్తే మాత్రం అది గిరగిర తిరిగి, చేయి విదిలిస్తే జారిపోతుంది.

ఎంత వెడల్పుకు ఎంత పెంచాలన్న దానికి నగల వ్యాపారంలో ఒక మోటు లెక్క ఉంది. 4 మిల్లీమీటర్ల దాకా మామూలు సైజే చాలు. 5, 6 మిల్లీమీటర్లకు మన కొలతలో ఒక సైజు, 8 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చేసరికి రెండు, 10 దాటితే కొన్ని చేతులకు మూడు కూడా పడుతుంది. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే. పైన చెప్పిన వేలిలో పైనా కిందా తేడా ఒకటిన్నర మిల్లీమీటర్లే. కొన్ని వేళ్లలో అది మూడు ఉంటుంది, కొన్నింట్లో దాదాపు ఉండదు. కాబట్టి లెక్కను బట్టి ఆర్డర్ ఇవ్వడం కంటే లెక్కతో మొదలుపెట్టి వేలితో తేల్చుకోవడం మంచిది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. లెక్కలోకి రావలసింది ఉంగరం పైన కనిపించే వెడల్పు కాదు, అరచేతి వైపు వెడల్పు. తెలుగువాళ్లకు బాగా తెలిసిన వంకీ ఉంగరమే దీనికి మంచి ఉదాహరణ. వేలి వెనక వైపు అది కోసుగా వంగి, వరుసల మీద వరుసలతో సెంటీమీటరు పైనే పరుచుకున్నట్టు కనిపిస్తుంది. కింది వైపు మాత్రం చాలా వంకీలకు సన్నటి తీగో, మూడు నాలుగు మిల్లీమీటర్ల పట్టీయో ఉంటుంది. వేలి వెనక కండ తక్కువ, చర్మం సులువుగా జరుగుతుంది, వంగినప్పుడు అక్కడ ఉబుకేమీ రాదు. అందుకే అంత పెద్దగా కనిపించే వంకీకి సైజు పెద్దగా పెంచనక్కర్లేదు, చాలావరకు ఒకటి చాలు. పెద్ద రాయి పొదిగిన ఉంగరమూ నవరత్నాల ఉంగరమూ కూడా అంతే, కింది పట్టీ సన్నగా ఉంటే సన్న ఉంగరం కిందే లెక్క. చుట్టూ ఒకే వెడల్పున్న పట్టీ ఉంగరానికే పెంపు పూర్తిగా కావాలి.

లోపలి గోడ ఆకారం కూడా సైజును మారుస్తుంది. కొన్ని వెడల్పు ఉంగరాలకు లోపలి వైపు నడుమ కొద్దిగా ఉబ్బుగా, అంచులు బయటికి ఒరిగి ఉండేలా చేస్తారు. దుకాణాల్లో దీన్ని కంఫర్ట్ ఫిట్ అంటారు. అంచులు కండలోకి దిగవు, చర్మానికి తాకే భాగం తగ్గుతుంది, కణుపు మీద జారుడు వస్తుంది. కాబట్టి బల్లపరుపుగా ఉండే 8 మిల్లీమీటర్ల ఉంగరానికి రెండు సైజులు పెంచాల్సిన చోట దీనికి ఒకటి, ఒకటిన్నరతో సరిపోతుంది. రెండింటినీ ఒకే లెక్కలో పెంచేస్తే కంఫర్ట్ ఫిట్ ఉంగరం వదులవుతుంది.

ఒకే వేలికి రెండు మూడు సన్న ఉంగరాలు వరుసగా పెట్టుకునేవాళ్ల విషయం దీనికి దగ్గరిదే, కానీ అచ్చంగా ఇదే కాదు. నిశ్చితార్థం ఉంగరం మీద పెళ్లి ఉంగరం, దాని మీద తర్వాత ఏదో పుట్టినరోజుకు కొన్న సన్నటి రాళ్ల ఉంగరం చేరతాయి. ఒక్కొక్కటి 2 మిల్లీమీటర్లే. విడిగా పెట్టుకున్నప్పుడు మూడూ సరిపోయాయి, కలిపి పెట్టుకుంటే మాత్రం వేలు బిగుస్తుంది. మూడూ కలిస్తే వేలి మీద ఆరు మిల్లీమీటర్లు, మధ్య సందులతో కలిపి ఆరున్నర దాకా ఆక్రమిస్తాయి. సన్నటి చోట చోటున్నది ఒక ఉంగరానికే. మిగతా రెండూ పైకీ కిందికీ, లావుగా ఉన్న చోట్లకు నెట్టబడతాయి.

అయితే వరుసకు ఒక సౌకర్యం ఉంది. ఉంగరాలు ఒక్కొక్కటిగా కణుపు దాటతాయి, ఒక్కొక్కటిగా దిగి వస్తాయి. దాటేటప్పుడు ప్రతిదీ సన్న ఉంగరమే, వాల్చుకోవచ్చు. కాబట్టి వెడల్పు ఉంగరానికున్న రెండు సమస్యల్లో కణుపు సమస్య వీటికి లేదు, కూర్చునే సమస్య ఒక్కటే. అందుకే 6 మిల్లీమీటర్ల వరుసకు 6 మిల్లీమీటర్ల పట్టీ అంత పెంపు అన్ని చేతులకూ అవసరం రాదు. ఆ రెండు మూడింటినీ కలిపి టంకం పెట్టించుకుంటే మాత్రం ఈ సౌకర్యం పోతుంది. విడిగా హాయిగా ఉన్న జత, అతికించాక తీయడానికి రావడం లేదని కంసాలి దగ్గరికి తిరిగి రావడం మామూలుగా జరిగేదే. అతికించే ముందే ఒక సైజు పెంచి అతికించమనాలి.

వరుసకు ఒక చిక్కు కూడా ఉంది, అది ఒంటి పట్టీకి లేదు. పక్కపక్కనున్న రెండు ఉంగరాల మధ్య సన్నటి సందులో చర్మం ఉబికి నొక్కుకుంటుంది. ఉంగరాలు బిగుతుగా ఉంటే ఆ చర్మం గిచ్చినట్టవుతుంది, రోజంతా అలాగే ఉంటే ఎర్రబడుతుంది. కాస్త వదులు ఉంటే సందులోకి ఉబికే చర్మం తగ్గుతుంది. సైజు పెంచమనడానికి ఇది రెండో కారణం.

మరి మూడింటినీ ఒకే లెక్కన పెంచాలా? అక్కర్లేదు. పైన లెక్క వేసిన వేలికే మూడు ఉంగరాల వరుస కావాలనుకుందాం. అన్నిటికంటే కింద, వేళ్ల సందు దగ్గర కూర్చునేది లావుపాటి చోట ఉంటుంది, దానికి 13, చేయి బొద్దుగా ఉంటే 14. నడిమిది సన్నటి చోటికి దగ్గర, దానికి 13. పైది, అంటే కణుపు వైపు ఉండేది, 12 గానే ఉండవచ్చు. ఇందులో ఒక తెలివి ఉంది. పైనున్న ఉంగరం కొంచెం బిగుతుగా ఉంటే కింది రెండూ దాన్ని దాటి జారిపోవు. వదులైన విలువైన ఉంగరం మీద ఒక సన్నటి బిగుతు ఉంగరాన్ని కాపలాగా పెట్టుకోవడం పాత అలవాటే. తలకిందులుగా పెడితే, అంటే చిన్నది కిందికీ పెద్దది పైకీ వస్తే, కిందిది కండలో ఇరుక్కుంటుంది, పైది తిరుగుతూ రాయి పక్కకు వాలుతుంది. వరుస కుదరలేదని సైజు మార్పించే ముందు ఉంగరాల క్రమం ఒకసారి మార్చి చూడడం ఖర్చులేని పని. కాలివేళ్లకు పెట్టుకునే మట్టెలకు ఈ గొడవే లేదు. వాటిని చాలావరకు కింద తెరిచి చేస్తారు కాబట్టి వేలిని బట్టి నొక్కుకోవచ్చు, విప్పుకోవచ్చు.

వెడల్పు పెరిగితే సైజు పెరగాలన్న మాటకు మినహాయింపు లేకపోలేదు. వయసు వల్లో కీళ్ల వాతం వల్లో, లేదా పుట్టుకతోనే, కొందరికి కణుపులు పెద్దవిగా, వేలి మొదలు సన్నగా ఉంటుంది. వీళ్ల ఉంగరం సైజును ఎప్పుడూ కణుపే నిర్ణయిస్తుంది. కణుపు దాటే సన్న ఉంగరం కింద అప్పటికే రెండు మూడు సైజుల వదులుతో తిరుగుతుంటుంది. ఇలాంటి వేలికి వెడల్పు ఉంగరం వేసేటప్పుడు కూర్చోవడానికి సైజు పెంచనక్కర్లేదు, ఆ చోటు ముందే ఉంది. కణుపు దాటడానికి మాత్రం ఒక సైజు కావాల్సి రావచ్చు. పైగా ఎక్కువ చర్మాన్ని తాకుతుంది కాబట్టి వెడల్పు ఉంగరం ఈ చేతుల మీద సన్న ఉంగరం కంటే నిలకడగా ఉంటుంది.

ఇక కొలిచే పద్ధతి. నగల దుకాణంలో వేలికి వేసి చూసే సైజు రింగుల గుత్తి చాలాచోట్ల సన్నటి రింగులదే. దానితో 12 అని తేలితే ఆ 12 సన్న ఉంగరానికి మాత్రమే చెల్లుతుంది. వెడల్పు రింగుల గుత్తి విడిగా దొరుకుతుంది, దాని రింగులు సుమారు 6 మిల్లీమీటర్లుంటాయి. పట్టీ ఉంగరం చేయించేవాళ్లు దాన్ని అడగాలి. అది లేకపోతే దుకాణంలో ఉన్న అంతే వెడల్పు ఉంగరం ఏదైనా వేసి చూసి, దాని సైజు కడ్డీ మీద చూడమనాలి.

ఆ చూడడంలోనూ ఒక మెలిక ఉంది. సైజు కడ్డీ ఒక చివర సన్నగా, మరో చివర లావుగా ఉంటుంది. లోపలి గోడ బల్లపరుపుగా ఉన్న వెడల్పు ఉంగరాన్ని దాని మీద వేస్తే, లావు చివర వైపున్న అంచు మాత్రమే కడ్డీని తాకి ఆగుతుంది, మిగతాది గాలిలో ఉంటుంది. అసలు సైజు ఆ తాకిన అంచు దగ్గరి గీత. సన్న ఉంగరానికి అలవాటుపడిన కంటితో ఉంగరం మధ్యకు ఎదురుగా ఉన్న గీత చదివితే 8 మిల్లీమీటర్ల ఉంగరం మామూలు కడ్డీల మీద సుమారు అర సైజు తక్కువ చూపిస్తుంది. లోపల ఉబ్బుగా ఉన్న కంఫర్ట్ ఫిట్ ఉంగరం నడుమ తాకుతుంది కాబట్టి దానికి మధ్య గీతే సరి. ఉంగరాన్ని తిప్పి రెండో అంచు నుంచి కూడా వేసి చూస్తే, కొట్టి పెంచడంలో అది ఒక పక్కకు గరాటులా విచ్చుకుందో లేదో కూడా తెలిసిపోతుంది.

ఇంట్లో దారంతో కొలిచి విదేశాల్లోని బంధువులకు కొలత పంపేవాళ్లు ఎక్కువ. దారం ఒక్క చోటి చుట్టుకొలతే చెబుతుంది, అదీ సన్నటి చోటిది. ఉంగరం ఎంత వెడల్పో అంత వెడల్పున కాగితం పట్టీ కత్తిరించి, వేలి మొదట్లో చుట్టి, పిడికిలి మూసి తెరిచి, అప్పుడు గీత పెట్టుకుంటే నిజానికి దగ్గరగా వస్తుంది. అందులోనూ కణుపు దాటుతుందో లేదో తెలియదు కాబట్టి కణుపు మీది కొలత కూడా పక్కన రాయడం మంచిది. వేళ్లు ఉదయం ఒకలా, సాయంత్రం ఒకలా ఉంటాయి, ఎండలో ఉబ్బుతాయి, చలిలో సన్నబడతాయి. సన్న ఉంగరం ఈ తేడాను భరిస్తుంది, వెడల్పుది అంతగా భరించదు. అందువల్ల పట్టీ ఉంగరానికి కొలత సాయంత్రం తీసుకోవడమే మంచిది, చలికాలపు ఉదయం తీసుకున్న కొలత వేసవిలో పనికిరాదు.

కొత్త ఉంగరం సరిపోయిందో లేదో వేలే చెబుతుంది. బొటనవేలితో తోస్తే ఉంగరం వేలి చుట్టూ తిరగాలి. పిడికిలి బిగించినప్పుడు కింది అంచు దగ్గర కండ దిండులా పొంగకూడదు. తీసినప్పుడు కాస్త అచ్చు కనిపించడం మామూలే, అది కొద్దిసేపట్లో పోవాలి. లోతుగా చాళ్లు పడి గంటల తరబడి ఉంటే బిగుతన్నమాట. వెడల్పు ఉంగరం కింద చెమటా సబ్బు నీళ్లూ నిలిచి చర్మం తెల్లగా నానడం, తర్వాత దురద రావడం కూడా బిగుతుకు గుర్తే కావచ్చు. వేలు మొద్దుబారినా, రంగు మారినా ఆలస్యం చేయకూడదు. బిగుతు ఉంగరం వల్ల రక్తం వెనక్కి వెళ్లడం మందగించి వేలు ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ ఉంగరం మరింత బిగుస్తుంది. చేతిని పైకెత్తి ఉంచి, సబ్బో నూనో రాసినా రాకపోతే కత్తిరించి తీయించడమే దారి. గర్భిణులు వెడల్పు ఉంగరాలను వేళ్లు ఉబ్బకముందే తీసి దాచుకోవడం మేలు.

సైజు తప్పితే తర్వాత సరిచేయించుకోవచ్చన్న ధీమా సన్న ఉంగరానికి నడుస్తుంది, వెడల్పుదానికి ఖర్చవుతుంది. మన కొలతలో ఒక సైజు పెంచాలంటే ఉంగరాన్ని కోసి ఒక మిల్లీమీటరు ముక్క చేర్చాలి. 22 క్యారెట్ల బంగారం ఘన సెంటీమీటరుకు సుమారు 17.7 గ్రాములు తూగుతుంది. 8 మిల్లీమీటర్ల వెడల్పు, 1.2 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీకి రెండు సైజులు పెంచితే దాదాపు 0.34 గ్రాముల బంగారం పడుతుంది. అదే మందంలో 2 మిల్లీమీటర్ల ఉంగరానికి 0.09 గ్రాములు కూడా పట్టదు. సాదా సన్న ఉంగరాన్ని కోయకుండా సాగదీసి కొద్దిగా పెంచేస్తారు కూడా. వెడల్పు పట్టీ అంత సులువుగా సాగదు, సాగదీస్తే పలచబడుతుంది, ఒక అంచు ఎక్కువ విచ్చుకుంటుంది. పట్టీ మీద నగిషీ ఉంటే అతుకు దగ్గర వరుస తెగుతుంది. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరానికి సైజు మార్చడం చాలావరకు కుదరని పని. టంగ్‌స్టన్ ఉంగరాన్ని అసలు సాగదీయలేరు, కోసి అతకలేరు, మార్చుకుని కొత్తది తీసుకోవాల్సిందే. చుట్టూ రాళ్లున్న వెడల్పు ఉంగరం చేయించేవాళ్లు ముందుగా అదే వెడల్పులో ఒక ఇత్తడి పట్టీ చేయించుకుని రెండు మూడు రోజులు వేలికి పెట్టుకుని చూసి, ఆ తర్వాతే బంగారానికి సైజు చెప్పాలి.